క్యూ1 అంటే ఏ నెలలు?

"రబీలో ఇంత యూరియా ఎవరు కొన్నారండీ?"

బ్యాంకు ఆఫీసర్ అడిగిన ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కొన్నేళ్ల కిందటి మాట. గుంటూరు జిల్లాలో ఎరువులు, పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థలో లెక్కలు చూసేవాణ్ని. క్యాష్ క్రెడిట్ లిమిట్ రెన్యువల్ కోసం ఏడాది అమ్మకాలను నాలుగు త్రైమాసికాలుగా విడగొట్టి ఇమ్మన్నారు. ఇచ్చాం. అందులో క్యూ3 కింద 92 లక్షలు ఉంది. ఆఫీసర్ వేలు ఆ అంకె మీదే ఆగింది. ఆయనకు క్యూ3 అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. మా ప్రాంతంలో వరికి పైపాటు యూరియా కోసం రైతులు కొట్టు ముందు బారులు తీరేది ఆగస్టులో, సెప్టెంబరులో. నవంబరులో కాదు. ఆయన కూడా వ్యవసాయ కుటుంబంలో పుట్టినవారే. అందుకే అంకె చూడగానే అనుమానం వచ్చింది. జీఎస్టీ రిటర్నులు తీసి పక్కన పెట్టి చూశారు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలలూ కలిపినా 61 లక్షలే.

దొంగ లెక్క రాశామనుకున్నారేమోనని గుండె గుభేలుమంది. తిరిగి ఆఫీసుకు వచ్చి షీటు విప్పి చూస్తే సంగతి తెలిసింది. మా కుర్రాడు అమ్మకాల డేటాను ఎక్సెల్‌లో పివట్ టేబుల్ చేసి, తేదీల మీద గ్రూప్ కొట్టి, క్వార్టర్స్ ఎంచుకున్నాడు. ఎక్సెల్ తన పద్ధతిలో తాను జనవరి నుంచి మార్చి వరకు మొదటి త్రైమాసికం, ఏప్రిల్ నుంచి జూన్ వరకు రెండోది, జులై నుంచి సెప్టెంబరు వరకు మూడోది అని లెక్క వేసింది. కుర్రాడు ఆ నాలుగు అంకెలనూ అదే వరుసలో బ్యాంకు షీటులోని నాలుగు గళ్లలో దింపేశాడు. జులై-సెప్టెంబరు అమ్మకం 92 లక్షలు ఉండాల్సింది క్యూ2లో. వెళ్లి కూర్చున్నది క్యూ3లో. ఏప్రిల్-జూన్ 48 లక్షలు క్యూ2లోకి, అక్టోబరు-డిసెంబరు 61 లక్షలు క్యూ4లోకి, జనవరి-మార్చి 37 లక్షలు క్యూ1లోకి పోయాయి.

ఈ తప్పు ముందే ఎందుకు దొరకలేదు? మొత్తం సరిపోయింది కాబట్టి. ఏ వరుసలో కూడినా 238 లక్షలే వస్తుంది. లెక్కల వాళ్లం టోటల్ టాలీ అయిందంటే ఊపిరి పీల్చుకుంటాం. త్రైమాసికాల తప్పు ఎప్పుడూ టోటల్‌లో కనిపించదు. అంకె నిజమే, దాని మీద ఉన్న పేరు ఒక్కటే తప్పు.

ఆ పేరు ఎలా పెడతారో, ఎలా చదవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుందని అందరికీ తెలుసు. పల్లెటూరి కిరాణా కొట్లో కూడా 'మార్చి ఎండింగ్' అనే మాట వినపడుతుంది. ఇది బ్రిటిషు వాళ్లు పెట్టిన ఏర్పాటు. 1867కు ముందు ఇక్కడి ప్రభుత్వ లెక్కల సంవత్సరం మే 1న మొదలయ్యేది. తమ దేశపు ప్రభుత్వ లెక్కలతో కలవాలని దాన్ని ఏప్రిల్‌కు జరిపారు. జనవరికి మార్చమని 1980ల్లో ఎల్.కె.ఝా కమిటీ సలహా ఇచ్చినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. కంపెనీలకైతే 2013 నాటి కంపెనీల చట్టమే మార్చి 31ని ముగింపు తేదీగా ఖాయం చేసింది.

కాబట్టి ఏప్రిల్, మే, జూన్ కలిపి క్యూ1. జులై, ఆగస్టు, సెప్టెంబరు క్యూ2. అక్టోబరు, నవంబరు, డిసెంబరు క్యూ3. కొత్త ఏడాది క్యాలెండరు గోడకు తగిలించిన తర్వాత వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి క్యూ4. ఇంతవరకు ఎవరైనా ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంటారు. అసలు తికమక ఆ పక్కన ఉండే సంవత్సరం అంకెతో వస్తుంది.

కంపెనీ ఫలితాల్లో Q1 FY26 అని కనిపిస్తుంది. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క ఏప్రిల్ నుంచి లెక్కపెట్టిన త్రైమాసికం. రెండో ముక్క ఆ ఆర్థిక సంవత్సరం ఏ ఏడాదిలో ముగుస్తుందో చెప్పే అంకె. ఏ ఏడాదిలో మొదలైందో కాదు, ఎందులో ముగుస్తుందో. 2025 ఏప్రిల్‌లో మొదలై 2026 మార్చిలో ముగిసేది కాబట్టి అది ఎఫ్‌వై26. అందులో మొదటి మూడు నెలలు 2025లోనివి. అంటే Q1 FY26 అన్న పేరున్న కాగితం 2025 ఏప్రిల్, మే, జూన్‌ల కథ చెబుతుంది. పేరులో 26 ఉన్నా ఆ మూడు నెలల్లో 2026కు చెందిన రోజు ఒక్కటీ లేదు.

ఇంకాస్త ఆలోచిస్తే ఒక సంగతి తేలుతుంది. నాలుగు త్రైమాసికాల్లో మూడింటికి పేరులోని సంవత్సరం, గోడ మీది క్యాలెండరులోని సంవత్సరం కలవవు. ఒక్క క్యూ4కే కలుస్తాయి. 2025 జనవరి-మార్చి క్యూ4 ఎఫ్‌వై25. దాంట్లోనూ ఒక మెలిక ఉంది. సంవత్సరం కలిసింది కదా అని త్రైమాసికం కూడా క్యాలెండరు ప్రకారమే అనుకుంటే, అది 2025 చివరి మూడు నెలలని పొరబడతాం. నిజానికి అవి మొదటి మూడు నెలలు.

ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు ఈ తికమక లేకుండా 2025-26 అని రెండు సంవత్సరాలూ రాస్తాయి. చదివేవారికి అదే మేలు. ఎఫ్‌వై26 అన్నది కంపెనీలు, బ్రోకరేజి సంస్థలు, వ్యాపార విలేకరులు చోటు కలిసొస్తుందని వాడే పొట్టిపేరు. రెండూ ఒకటే సంవత్సరం.

ఇప్పుడు ఒక నిజమైన కేసు చూద్దాం. 2025 ఏప్రిల్ 10న టీసీఎస్ తన Q4 FY25 ఫలితాలు ప్రకటించింది. అప్పటికి 2025లో గడిచింది మూడు నెలల పది రోజులే. అయినా కంపెనీ 'ఏడాది మొత్తం' లెక్క చెప్పేసింది. ఏప్రిల్ సంవత్సరానికి అలవాటు పడని మన అమెరికా చుట్టాలెవరైనా ఈ వార్త చదివితే, ఏప్రిల్‌లోనే నాలుగో త్రైమాసికం ఎలా అయిపోయిందని అడగడం సహజం.

ఎఫ్‌వై25లో టీసీఎస్ ఆదాయం త్రైమాసికాల వారీగా ఇలా ఉంది. 2024 ఏప్రిల్-జూన్‌లో రూ.62,613 కోట్లు. జులై-సెప్టెంబరులో రూ.64,259 కోట్లు. అక్టోబరు-డిసెంబరులో రూ.63,973 కోట్లు. 2025 జనవరి-మార్చిలో రూ.64,479 కోట్లు. నాలుగూ కూడితే రూ.2,55,324 కోట్లు. కంపెనీ ప్రకటించిన వార్షిక ఆదాయం కూడా అదే.

ఇప్పుడు ఇదే కంపెనీకి '2024లో ఆదాయం ఎంత' అని ఎవరైనా అడిగారనుకోండి. ఎఫ్‌వై25 అంకె ఇస్తే తప్పవుతుంది. 2024 క్యాలెండరు సంవత్సరం కావాలంటే ఎఫ్‌వై25లోని చివరి మూడు నెలలు తీసేసి, దాని ముందటి సంవత్సరపు క్యూ4ను, అంటే 2024 జనవరి-మార్చి రూ.61,237 కోట్లను కలపాలి. అప్పుడు వచ్చేది రూ.2,52,082 కోట్లు. తేడా మూడు వేల కోట్ల పైనే. అమెరికా కంపెనీతోనో యూరప్ కంపెనీతోనో పోలిక పట్టిక తయారుచేసేవాళ్లు ఈ సర్దుబాటు చెయ్యకపోతే, ఒకరి జనవరిని ఇంకొకరి ఏప్రిల్ పక్కన నిలబెట్టినట్టవుతుంది.

మూడు నెలల తర్వాత, 2025 జులైలో, క్యూ1 ఎఫ్‌వై26 ఫలితాలు వచ్చాయి. ఆదాయం రూ.63,437 కోట్లు. ఇది పెరిగినట్టా, తగ్గినట్టా? సరిగ్గా ముందున్న జనవరి-మార్చి త్రైమాసికంతో పోలిస్తే 1.6 శాతం తగ్గింది. కిందటేడు ఇదే ఏప్రిల్-జూన్‌తో పోలిస్తే 1.3 శాతం పెరిగింది. ఒక పత్రిక 'తగ్గిన ఆదాయం' అనీ, ఇంకోటి 'పెరిగిన ఆదాయం' అనీ శీర్షిక పెట్టినా రెండూ నిజమే. క్యూ1కు ముందున్న త్రైమాసికం పేరులోని సంవత్సరమే వేరు కాబట్టి, కొత్తవాళ్లు దాన్ని వెతుక్కోవడంలో తడబడతారు. ఎఫ్‌వై26 క్యూ1కు ముందరిది ఎఫ్‌వై25 క్యూ4. అంకె నాలుగు నుంచి ఒకటికి పడి, సంవత్సరం ఒకటి పెరిగే మలుపు అది.

షేర్లు కొనే మామూలు మదుపరి ఈ మలుపు దగ్గర దారి తప్పకూడదనే కాబోలు, సెబీ నిర్దేశించిన ఫలితాల నమూనాలో క్యూ1, క్యూ2 అన్న పేర్లే లేవు. అక్కడి గళ్ల మీద 'ఫలానా తేదీతో ముగిసిన 3 నెలలు', 'దానికి ముందటి 3 నెలలు', 'కిందటేడు ఇదే 3 నెలలు', 'ఏడాది మొదలు ఇప్పటివరకు' అనే అర్థం వచ్చే మాటలుంటాయి. ప్రతి దాని కింద తేదీ ఉంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో దొరికే అసలు ఫలితాల కాగితం తెరిచి చూడండి. రూపాయల అంకెల పైన 30.06.2025, 31.03.2025, 30.06.2024 అని మూడు తేదీలు వరుసగా కనిపిస్తాయి. ఆ తేదీలు చూశాక ఇక పేరుతో పనిలేదు. క్యూ, ఎఫ్‌వై పేర్లు పత్రికా ప్రకటనలోనూ, ఇన్వెస్టర్ల కోసం చేసే స్లైడ్లలోనూ వస్తాయి. రెంటి మధ్య అనుమానం వస్తే తేదీ ఉన్న కాగితాన్నే నమ్మాలి.

క్యూ4 గురించి ఇంకొక మాట. ఇది చాలామందికి తెలియదు, నాకు మాత్రం చాలా ముఖ్యమనిపిస్తుంది. మొదటి మూడు త్రైమాసికాల లెక్కలకు చాలా కంపెనీల్లో పూర్తి ఆడిట్ జరగదు. ఆడిటర్లు పరిమిత సమీక్ష చేస్తారు. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు ఇవ్వాలి. మార్చికి వచ్చేసరికి ఏడాది మొత్తానికి ఆడిట్ చేయాలి, అందుకు 60 రోజుల గడువుంటుంది. అప్పుడు క్యూ4 అంకె ఎలా వస్తుంది? చాలా కంపెనీల ఫలితాల కింద నోట్‌లో రాసి ఉంటుంది. ఆడిట్ అయిన ఏడాది మొత్తంలోంచి, అప్పటికే ప్రకటించిన తొమ్మిది నెలల మొత్తాన్ని తీసివేయగా మిగిలినదే చివరి త్రైమాసికం అని దాని సారాంశం.

అంటే క్యూ4 అన్నది విడిగా కొలిచి చెప్పిన అంకె కాదు, కూడికల చివర మిగిలిన అంకె. ఆడిటర్ ఏప్రిల్, మే నెలల్లో కూర్చుని, ఆగస్టు నాటి ఒక బిల్లు రాబడి కిందికి రాదని తేల్చారనుకోండి. అప్పటికే క్యూ2 ఫలితాలు లోకానికి వెళ్లిపోయాయి. సర్దుబాటంతా సాధారణంగా ఏడాది మొత్తంలో జరుగుతుంది, తీసివేతలో క్యూ4 మీద పడుతుంది. రానిబాకీల కేటాయింపులు, సరుకు నిల్వల విలువ తగ్గింపు, బోనస్ లెక్కలు కూడా ఎక్కువగా మార్చి ఎండింగ్‌లోనే తేలుతాయి. అందుకే ఏ కంపెనీ క్యూ4లోనైనా లాభం ఉన్నట్టుండి పడిపోయినా, ఎగిరినా అది ఆ మూడు నెలల వ్యాపారం వల్లే అనుకోకుండా కింద నోట్స్ చదవాలి. జనవరి-మార్చి అన్న పేరు ఆ అంకెకు ఉన్నా, అందులో ఏడాది పొడవునా పోగుపడిన సంగతులు ఉండొచ్చు.

ఇక హైదరాబాదు వైపు వెళ్దాం. గచ్చిబౌలిలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా సాయంత్రం లిఫ్ట్ దగ్గర నలుగురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కలిస్తే 'మా క్యూ1 ఈసారి బాగుంది' అని ఒకరన్నా, మిగతా ముగ్గురూ వేరే నెలలు ఊహించుకునే అవకాశం ఉంది. ఇన్ఫోసిస్, టీసీఎస్ ఉద్యోగికి క్యూ1 అంటే ఏప్రిల్-జూన్. కాగ్నిజెంట్ క్యాలెండరు సంవత్సరం పాటిస్తుంది కాబట్టి అక్కడి ఉద్యోగికి జనవరి-మార్చి. మైక్రోసాఫ్ట్ సంవత్సరం జులైలో మొదలవుతుంది కాబట్టి జులై-సెప్టెంబరు. యాక్సెంచర్‌కు సెప్టెంబరులో మొదలు కాబట్టి సెప్టెంబరు-నవంబరు. నాలుగు కంపెనీలూ ఈ నగరంలోనే ఉన్నాయి. నలుగురి క్యూ1లూ వేర్వేరు. 2024 అక్టోబరు నెల ఒక్కటే తీసుకోండి. ఇన్ఫోసిస్‌కు అది ఎఫ్‌వై25 క్యూ3, కాగ్నిజెంట్‌కు 2024 క్యూ4, మైక్రోసాఫ్ట్‌కు ఎఫ్‌వై25 క్యూ2, యాక్సెంచర్‌కు ఎఫ్‌వై25 క్యూ1.

ఇది ఉద్యోగుల జీవితంలోకి కూడా వస్తుంది. అమెరికా క్లయింటు 'క్యూ1కల్లా కొత్త సిస్టమ్ మొదలుపెడదాం' అంటే మన వాళ్లు జూన్ చివరి దాకా గడువుందనుకుంటారు. క్లయింటు మనసులో ఉన్నది మార్చి 31. మూడు నెలలు పోయినట్టే. ఒప్పంద పత్రంలో క్యూ1 అని కాక తేదీ రాయించుకునే ప్రాజెక్టు మేనేజర్లను నేను చూశాను. వాళ్లకు అనుభవం నేర్పిన జాగ్రత్త అది.

ఇప్పటిదాకా సంవత్సరాన్ని ముగింపుతో పిలుస్తామని చెప్పుకున్నాం. అది కూడా అందరూ పాటించే నియమం కాదు. ఐఎంఎఫ్ తన ప్రపంచ ఆర్థిక అంచనాల్లో మన దేశపు వృద్ధిరేటును ఆర్థిక సంవత్సరం లెక్కనే ఇస్తుంది కానీ మొదలైన ఏడాది గడిలో వేస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఉన్న అంకె వాళ్ల పట్టికలో 2024 కింద ఉంటుంది. మన కంపెనీలు దాన్నే ఎఫ్‌వై25 అంటాయి. పట్టిక కిందనో వెనకనో ఈ సంగతి రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. జపానూ మనలాగే ఏప్రిల్-మార్చి దేశం. అక్కడ ఒకే సంవత్సరాన్ని కంపెనీకో తీరుగా పిలుస్తారు. 2025 మార్చిలో ముగిసిన సంవత్సరాన్ని సోనీ ఎఫ్‌వై2024 అంటుంది, టొయోటా ఎఫ్‌వై2025 అంటుంది. రెండూ తప్పు కాదు, రెండూ తమ నివేదికల్లో తేదీ స్పష్టంగా ఇస్తాయి. ఆ తేదీ చూడకుండా రెంటినీ ఒక పట్టికలో పెట్టినవారిదే తప్పు.

ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఇంకొక చిక్కు ఉండేది. 2024-25లో సంపాదించిన దానికి రిటర్ను వేసేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అని ఎంచుకోవాలి. రెండూ గీత మధ్యలో పెట్టి రాసే సంవత్సరాలే. చలానా కట్టేటప్పుడు ఒకటి బదులు ఇంకోటి నొక్కి, డబ్బు వేరే ఏడాది ఖాతాలో పడి, సరిచేయించుకోవడానికి ఆడిటర్ చుట్టూ తిరిగినవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం ఈ జంట పేర్లను తీసేసి 'ట్యాక్స్ ఇయర్' అన్న ఒకే మాట పెట్టింది. అది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత సంవత్సరాల కాగితాలు చూసేటప్పుడు మాత్రం పాత పద్ధతి గుర్తుండాల్సిందే.

నాలుగు త్రైమాసికాలే ఉంటాయన్న నమ్మకాన్ని కూడా వమ్ము చేసే సందర్భాలున్నాయి. నెస్లే ఇండియా చాలాకాలం జనవరి-డిసెంబరు పాటించి, తర్వాత ఏప్రిల్-మార్చికి మారింది. మధ్యలో మూడు నెలలు మిగిలిపోకుండా 2023 జనవరి నుంచి 2024 మార్చి వరకు పదిహేను నెలల సంవత్సరం చేసుకుంది. అంటే ఒకే సంవత్సరంలో ఐదు త్రైమాసికాలు. రిజర్వు బ్యాంకుది దీనికి తిరగేసిన కథ. దాని సొంత లెక్కల సంవత్సరం దశాబ్దాల పాటు జులైలో మొదలయ్యేది. ప్రభుత్వ సంవత్సరంతో కలపడానికి 2020 జులై నుంచి 2021 మార్చి వరకు తొమ్మిది నెలల సంవత్సరం నడిపింది. ఇలాంటి ఏడాది లాభాన్ని ముందటి ఏడాది పన్నెండు నెలల లాభంతో పక్కపక్కన పెట్టి 'ఇంత శాతం' అని లెక్కగట్టడం కుదరదు. పెరుగుదల ఎంతో తెలియాలంటే సమానమైన మూడు నెలలను, సమానమైన మూడు నెలలతోనే తూచాలి. ఇక్కడ కూడా ఆదుకునేది 'ఫలానా తేదీతో ముగిసిన మూడు నెలలు' అన్న పాత మాటే.

మన తెలుగు దినపత్రికల వ్యాపార పేజీల్లో ఒక మంచి అలవాటు ఉంది. 'జూన్ త్రైమాసికం', 'మార్చి త్రైమాసికం' అని ముగింపు నెలతో పిలుస్తారు. లేదా 'ఏప్రిల్-జూన్‌లో' అని నెలలే రాస్తారు. సంవత్సరం ఎక్కడ మొదలైనా, కంపెనీ ఏ దేశానిదైనా జూన్ త్రైమాసికం జూన్ త్రైమాసికమే. యాక్సెంచర్‌లా మే, ఆగస్టుల్లో ముగిసేవాటినీ అదే తీరులో చెప్పొచ్చు. జీఎస్టీ పోర్టల్ కూడా రెండూ కలిపి చూపిస్తుంది. ఆర్థిక సంవత్సరం ఎంచుకున్నాక త్రైమాసికం దగ్గర Quarter 1 (Apr - Jun) అని నెలల పేర్లతో సహా వస్తుంది. ఎక్సెల్ కూడా ఆ రోజు మా కుర్రాడికి అలా చూపించి ఉంటే బ్యాంకులో మాకా అవమానం జరిగేది కాదు.

ఎక్సెల్‌ను తిట్టుకుని లాభం లేదు కాబట్టి పివట్ గ్రూపింగ్ మానేశాం. తేదీ పక్కన ఒక కాలమ్ వేసి, త్రైమాసికం పేరు ఈ ఫార్ములాతో తీసుకోవడం మొదలుపెట్టాం. తేదీ A2లో ఉందనుకోండి:

```
="FY"&RIGHT(YEAR(A2)+(MONTH(A2)>3),2)&" Q"&CHOOSE(MONTH(A2),4,4,4,1,1,1,2,2,2,3,3,3)
```

ఇది చేసే పని తేలికే. నెల మూడు దాటితే సంవత్సరానికి ఒకటి కలుపుతుంది, దాటకపోతే కలపదు. తర్వాత పన్నెండు నెలలకు పన్నెండు అంకెల వరుసలోంచి త్రైమాసికం ఎంచుతుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చిలకు 4 అని మొదటే ఉండడం గమనించండి. 2024 ఆగస్టు 20 నాటి బిల్లుకు FY25 Q2 వస్తుంది. 2025 ఫిబ్రవరి 14 నాటి బిల్లుకు FY25 Q4 వస్తుంది. ఫార్ములా పెట్టగానే డిసెంబరు 31, జనవరి 1, మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలు నాలుగూ వేసి చూసుకోవాలి. తప్పు ఉంటే ఆ అంచుల దగ్గరే బయటపడుతుంది.

ఫార్ములాలో సంవత్సరాన్ని ముందు, త్రైమాసికాన్ని తర్వాత పెట్టడానికి ఒక కారణం ఉంది. Q1 FY25 అని రాస్తే, కంప్యూటరు అక్షరక్రమంలో పేర్చినప్పుడు అన్ని సంవత్సరాల క్యూ1లూ ఒకచోట, అన్ని క్యూ2లూ ఇంకోచోట చేరతాయి. గ్రాఫు గీస్తే 2023 ఏప్రిల్ పక్కన 2024 ఏప్రిల్ వచ్చి కూర్చుంటుంది. సంవత్సరం ముందుంటే కాలం వరుసగా నడుస్తుంది.

మర్నాడు సరిచేసిన షీటు పట్టుకుని మళ్లీ ఆ బ్యాంకుకు వెళ్లాను. ఈసారి గళ్ల మీద క్యూ1, క్యూ2 అని లేదు. 'ఏప్రిల్-జూన్', 'జులై-సెప్టెంబర్' అని నెలలు, వాటి కింద సంవత్సరం, ఆ కింద చిన్న అక్షరాల్లో త్రైమాసికం అంకె. ఆఫీసర్ 92 లక్షల పైన ఉన్న నెలల పేర్లు చదివి, జీఎస్టీ రిటర్నుల్లో జులై, ఆగస్టు, సెప్టెంబరు అంకెలను పెన్సిల్‌తో కూడి పక్కనే టిక్కు పెట్టారు. "అదీ, పైపాటు యూరియా" అన్నారు.